కొటేషన్ గడువు ఎన్నాళ్లు? రాగి తీగ చెప్పే లెక్క

"పై ధరలు 30 రోజుల వరకు చెల్లుతాయి." ఇంటి వైరింగ్‌కో, కిటికీ గ్రిల్స్‌కో కొటేషన్ రాయించుకున్న ప్రతివాళ్లూ కాగితం అడుగున ఈ వాక్యం చూసే ఉంటారు. ఆ ముప్పై ఎక్కడి నుంచి వచ్చిందని అడిగితే రాసిన కాంట్రాక్టరే సరిగ్గా చెప్పలేడు. చాలాసార్లు అది పాత కొటేషన్‌లోంచి కొత్తదానిలోకి దిగిన అంకె. ఆ పాతదానిలోకి అంతకుముందు ఇంకెవరి కాగితం నుంచో దిగి ఉంటుంది. సరుకు ధరలు నిలకడగా ఉన్న రోజుల్లో దాని జోలికి ఎవరూ పోరు. ధరలు కదలడం మొదలయ్యాక కాంట్రాక్టర్ లాభం నిలుస్తుందా పోతుందా అన్నది ఆ ఒక్క వాక్యం మీదే ఆధారపడుతుంది. ఇంటి యజమాని గోడలో ఎలాంటి తీగ పడుతుందన్నదీ ఒక్కోసారి దాన్నిబట్టే ఉంటుంది.

ఈ సంగతి తేల్చుకోవడానికి ఇంటి వైరింగ్‌ను మించిన ఉదాహరణ లేదు. కొటేషన్‌లో మిగతావన్నీ కాస్త నెమ్మదిగా కదులుతాయి. కూలి రేటు ఏడాదికోసారి పెరుగుతుంది. స్విచ్‌ల ధర కంపెనీ కొత్త లిస్టు వేసినప్పుడు మారుతుంది. రాగి తీగ అలా కాదు. దాని ధర మూలం లండన్ మెటల్ ఎక్స్ఛేంజ్‌లో ఉంటుంది, అక్కడ పనిరోజుల్లో అది గంట గంటకూ కదులుతుంది. 2020 మార్చిలో కోవిడ్ భయంతో అక్కడ టన్ను రాగి 5,000 డాలర్ల కిందికి పడిపోయింది. 2021 మే నాటికి 10,000 డాలర్లు దాటింది. 2022 మార్చిలో మళ్లీ అంతకంటే పైకి వెళ్లి, అదే ఏడాది జూలైలో 7,000 దగ్గరికి జారింది. 2024 మేలో 11,000 దాటింది. దీనికి డాలరుతో రూపాయి మారకం రేటు తోడవుతుంది. పైగా తూత్తుకుడిలోని పెద్ద రాగి కర్మాగారం 2018లో మూతపడ్డాక శుద్ధిచేసిన రాగిని బయటి నుంచి తెచ్చుకోవడం మనకు ఎక్కువైంది. లండన్‌లో కదిలిన ధర కొద్ది రోజుల్లోనే హైదరాబాద్ ట్రూప్ బజార్‌లోని హోల్‌సేల్ కౌంటర్ దాకా వచ్చేస్తుంది.

ఎంత వస్తుందన్నది మాత్రం ఎవరైనా లెక్కగట్టుకోవచ్చు. మార్కెట్లో వైరు 90 మీటర్ల కాయిల్‌గా దొరుకుతుంది. 2.5 స్క్వేర్ ఎంఎం కాయిల్ అంటే లోపలి రాగి అడ్డుకోత వైశాల్యం 2.5 చదరపు మిల్లీమీటర్లు. దాన్ని 90 మీటర్ల పొడవుతో హెచ్చవేస్తే 225 ఘన సెంటీమీటర్ల రాగి. ఘన సెంటీమీటరు రాగి దాదాపు 9 గ్రాములు తూగుతుంది కాబట్టి ఆ కాయిల్‌లో ఉన్నది సుమారు 2 కిలోల రాగి. ఇదే లెక్కన 1 స్క్వేర్ ఎంఎం కాయిల్‌లో 800 గ్రాములు, 1.5లో 1.2 కిలోలు, ఏసీకీ గీజర్‌కీ లాగే 4 స్క్వేర్ ఎంఎం కాయిల్‌లో 3.2 కిలోలు ఉంటాయి. రాగి కిలోకు వంద రూపాయలు పెరిగితే 2.5 కాయిల్ మీద రెండు వందలు, పన్నుతో కలిపి 236 రూపాయలు పెరగడం న్యాయం. డీలర్ అంతకంటే బాగా ఎక్కువ చెబితే పెరుగుదలంతా రాగి వల్ల రాలేదని తెలిసిపోతుంది.

డీలర్ పెంచే తీరు కూడా తెలుసుకోవాలి. వైరు కంపెనీలు ఒక ధరల లిస్టు వేస్తాయి. ఆ లిస్టు మీద ఇంత శాతం తగ్గింపు అని డీలర్ ఇస్తాడు. కొనేవాళ్లు చూసేది ఆ తగ్గింపునే. ధర పెరిగినప్పుడు కొత్త లిస్టు రావడానికి ముందే తగ్గింపు కోసుకుపోతుంది. మొన్నటిదాకా లిస్టు మీద 40 శాతం తగ్గించినవాడు ఇవాళ 35 అంటాడు. లిస్టులో అంకె మారలేదు. కానీ వందకు అరవై కట్టేచోట అరవై ఐదు కడుతున్నాం, అంటే ఎనిమిది శాతానికి పైగా పెరిగినట్టే. కొత్త లిస్టు వచ్చిందో లేదో మాత్రమే కనిపెట్టుకుని కూర్చునే కాంట్రాక్టర్‌కు ఈ పెరుగుదల బిల్లు చేతికొచ్చేదాకా తెలియదు. కొటేషన్ రాసే ముందు డీలర్‌ని "ఈ రేటు ఎన్నాళ్లు ఉంచుతారు?" అని అడిగి, జవాబును వాట్సాప్‌లో రాయించుకోవడం మొదటి పని. "ఇవాళ్టి వరకే సార్" అని డీలర్ అంటుంటే, అదే సరుకును పెట్టుకుని యజమానికి 30 రోజులు మాట ఇవ్వడమంటే ఆ మధ్య 29 రోజుల భారం సొంత నెత్తిన ఎత్తుకున్నట్టే.

ఒక కొటేషన్‌ను విప్పి చూద్దాం. కింద ఒకటి, పైన ఒకటిగా రెండు వాటాల ఇల్లు. వైరింగ్ మొత్తానికి 2,20,000 రూపాయలు. ఇందులో వైరు 66,000. గోడల్లో, స్లాబుల్లో వేసే పైపులు, బాక్సులు 22,000. స్విచ్‌లు, ఎంసీబీలు, డీబీ బాక్స్ 52,000. కూలి 58,000. అన్నీ పోను కాంట్రాక్టర్‌కు మిగిలేది 22,000. ఈ అంకెలు ఉదాహరణకే. వైరు లెక్క ఇలా ఉంది: 1 స్క్వేర్ ఎంఎం 12 కాయిళ్లు, 1.5వి 8, 2.5వి 8, 4వి 3. ఇందాకటి బరువులతో కూడితే గోడల్లోకి వెళ్లే రాగి దాదాపు 45 కిలోలు.

రాగి కిలోకు వంద పెరిగితే 4,500, జీఎస్టీ 18 శాతం కలిపి 5,310 రూపాయలు. మొత్తం కొటేషన్‌లో ఇది రెండున్నర శాతం కూడా కాదు కాబట్టి ఇంటి యజమానికి చిన్న మొత్తంగానే తోస్తుంది. కాంట్రాక్టర్ వైపు నుంచి చూస్తే అతనికి మిగిలే 22,000లో దాదాపు నాలుగో వంతు. వైరు రేటు రెండుసార్లు 8 శాతం చొప్పున పెరిగితే 66,000 కాస్తా 77,000 దగ్గరికి చేరుతుంది, లాభంలో సగం పోతుంది. కొటేషన్ గడువు గురించి ఇద్దరూ మాట్లాడుకునేటప్పుడు ఒకరు రెండు లక్షల వైపు చూస్తారు, ఇంకొకరు ఇరవై రెండు వేల వైపు. గొడవలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

"ఒకసారి పెరుగుతుంది, ఇంకోసారి తగ్గుతుంది, చివరికి సరిపోతుంది కదా" అనేవాళ్లు ఉన్నారు. సరిపోదు. ధర పెరిగితే నెల కిందటి కొటేషన్ పట్టుకుని యజమాని పరుగున వస్తాడు. తగ్గితే కొత్తగా ఇంకొకరి దగ్గర రాయించుకుంటాడు, లేదా ఈ కాంట్రాక్టర్‌నే తగ్గించమంటాడు. తప్పుపట్టడానికి లేదు, ఎవరి డబ్బు వాళ్లది. కానీ గడువు పొడవుగా ఉన్న కొద్దీ నష్టమొచ్చే పనులే ఖాయమై, లాభమొచ్చేవి జారిపోతాయి. ఎక్కువ రోజుల మాట ఊరికే ఇచ్చేది కాదు, దానికి ఖరీదు ఉంది. అనుభవమున్న కాంట్రాక్టర్ ఆ ఖరీదును ముందే రేటులో కలిపేస్తాడు. అదే పనికి ఒకరు ఏడు రోజుల గడువుతో 2,20,000 అని, మరొకరు నలభై ఐదు రోజుల గడువుతో 2,28,000 అని రాస్తే రెండోవాడు ఎక్కువ అడుగుతున్నాడని వెంటనే అనుకోకూడదు. ఆ ఎనిమిది వేలలో కొంత ధర పెరిగితే తాను భరిస్తానన్న మాటకు వెల.

ఇక చట్టం సంగతి. 1872 నాటి భారత కాంట్రాక్టు చట్టం ప్రకారం, పని వివరాలు, ధర రాసి ఫలానా వ్యక్తికి సంతకం పెట్టి ఇచ్చిన కొటేషన్ సాధారణంగా ఒక ప్రతిపాదన. ఆ చట్టం 6వ సెక్షన్ ప్రకారం గడువు రాస్తే ఆ గడువుతో, రాయకపోతే సమంజసమైన కాలం గడిచాక ప్రతిపాదన దానంతటదే పోతుంది. సమంజసమైన కాలమంటే ఎంతో చట్టం చెప్పలేదు, సరుకును బట్టి, పరిస్థితిని బట్టి కోర్టు తేలుస్తుంది. ఇంగ్లండ్‌లో 1866లో తీర్పు వచ్చిన ఒక కేసు న్యాయవిద్యార్థులందరికీ తెలుసు. మాంటెఫియోర్ అనే ఆయన 1864 జూన్‌లో ఒక హోటల్ కంపెనీ వాటాలకు దరఖాస్తు పెట్టాడు. కంపెనీ నవంబరులో "ఇచ్చాం, డబ్బు కట్టు" అంది. అన్ని నెలలు ఆగాక ఆ దరఖాస్తుకు విలువ లేదని కోర్టు తేల్చింది. వాటాల్లాగే ధర నిలవని రాగి విషయంలోనూ సమంజసమైన కాలం చిన్నదే అవుతుందని వాదించవచ్చు. వాదించే దాకా తెచ్చుకోవడం ఎందుకు? తేదీ రాస్తే సరిపోతుంది.

రోజులు కాకుండా తేదీనే రాయమనడానికి కారణముంది. "15 రోజులు" అని రాస్తే, కాగితం మీది తేదీ నుంచా, వాట్సాప్‌లో అందిన రోజు నుంచా అన్న తకరారు పుడుతుంది. "జూన్ 20 సాయంత్రం 6 గంటల వరకు" అని రాస్తే లెక్కపెట్టే పనే లేదు.

చాలామందికి తెలియని సంగతి ఇంకొకటుంది. గడువు రాసి ఇచ్చినంత మాత్రాన ఆ గడువు పూర్తయ్యేదాకా కాంట్రాక్టర్ కట్టుబడి ఉండాలని లేదు. 5వ సెక్షన్ ప్రకారం యజమాని తన ఒప్పుకోలును పంపించేలోపు ప్రతిపాదనను వెనక్కి తీసుకోవచ్చు. అయితే ఆ కబురు యజమానికి చేరాలి, మనసులో అనుకుంటే చాలదు. "ఇన్నాళ్లు తెరిచే ఉంచుతాను" అన్న ఉత్తి మాట కట్టుబాటు కావాలంటే దానికి ప్రతిఫలంగా ఎంతో కొంత ముట్టి ఉండాలి. శుక్రవారం దాకా ఆగుతానని రాసిచ్చి గురువారమే ఇల్లు వేరేవాళ్లకు అమ్మిన డాడ్స్ మీద డికిన్సన్ వేసిన కేసులో 1876లో ఇంగ్లిష్ కోర్టు ఇదే చెప్పింది. టెండర్లలో మాత్రం జాగ్రత్త. అక్కడ ముందుగా కట్టిన ధరావతు ఉంటుంది. గడువులోపు టెండర్ వెనక్కి తీసుకుంటే ధరావతు పోతుందని షరతులో ఉంటే, ఆ జప్తు చెల్లుతుందని 2003లో జాతీయ రహదారుల సంస్థకూ గంగా ఎంటర్‌ప్రైజెస్‌కూ మధ్య కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

ఇంతవరకూ ఒప్పుకోక ముందు మాట. ఒప్పుకున్నాక తలుపు గట్టిగా మూసుకుంటుంది. ధర పెరిగింది కాబట్టి ఎక్కువ ఇవ్వాలంటే కుదరదు. సైన్యానికి నెయ్యి సేకరించిపెట్టే ఆలోపీ పర్షాద్ కంపెనీ, యుద్ధం వల్ల ఖర్చులు పెరిగాయని అదనంగా అడిగితే 1960లో సుప్రీంకోర్టు కాదంది. ఇండొనేషియా బొగ్గు ధర పెరిగిందని విద్యుత్ కంపెనీలు చేసిన వాదనను కూడా 2017లో అదే కోర్టు తోసిపుచ్చింది. పని భారం కావడం వేరు, అసాధ్యం కావడం వేరు అన్నది ఆ తీర్పుల సారం. వేల కోట్ల కంపెనీలకు దక్కని వెసులుబాటు వీధి చివరి ఎలక్ట్రికల్ కాంట్రాక్టర్‌కు దక్కదు.

ఇక్కడే అసలు చిక్కు ఉంది. కొటేషన్ మీది గడువు కాపాడేది కాగితం ఇచ్చిన రోజు నుంచి ఒప్పుకున్న రోజు వరకే. వైరు కొనేది ఒప్పుకున్న రోజున కాదు. ఇల్లు కట్టే క్రమం చూడండి. స్లాబు వేసేటప్పుడు పైపులు పెడతారు. గోడలు లేచాక గాడి కొట్టి పైపులు, బాక్సులు బిగిస్తారు. ఆ తర్వాత ప్లాస్టరింగ్. అది ఆరాక వైరు లాగుతారు. రంగులు వేసేటప్పుడు స్విచ్‌లు. మొదటి పైపుకూ మొదటి వైరుకూ మధ్య నాలుగైదు నెలలు మామూలే. డబ్బు అందక పని ఆగితే ఇంకా ఎక్కువ. గడువు ఏడు రోజులని కచ్చితంగా రాసుకున్న కాంట్రాక్టర్, ఆరో రోజున యజమాని సరేనన్నాక, అయిదు నెలల రాగి ధరను నెత్తిన పెట్టుకుంటాడు. ఆ ఏడు రోజుల జాగ్రత్త అతనికి ఏం ఒరగబెట్టినట్టు? 2022 మార్చి, జూలైల మధ్య ధర మూడో వంతు పడిపోయినట్టు ఎప్పుడూ పడదు కదా.

కాబట్టి కొటేషన్‌లో రెండు తేదీలు ఉండాలన్నది నా వాదన. ఒకటి ఒప్పుకోవడానికి. రెండోది వైరు ధర ఏ రోజు వరకు ఇదే ఉంటుందో చెప్పడానికి. ఆ రెండో తేదీ దాటితే ఏం చేయాలో కూడా ముందే రాసుకోవాలి.

రాసుకునేటప్పుడు ఒక మెలకువ ఉంది. వైరు ఖర్చు మారడానికి రెండు దారులు: కాయిల్ రేటు మారడం, కాయిళ్ల సంఖ్య మారడం. రేటు కాంట్రాక్టర్ చేతిలో లేదు. సంఖ్య పూర్తిగా అతని చేతిలోదే, పైపు ఏ దారిన తీసుకెళ్లాలో, ముక్కలు వృథా కాకుండా ఎలా కోయాలో అతనికే తెలుసు. రేటు తేడా యజమాని మీద, సంఖ్య తేడా కాంట్రాక్టర్ మీద వేస్తే ఎవరికి చేతనైన బరువు వాళ్ల మీద పడుతుంది. "వైరు ఎంతైతే అంత మీరే ఇవ్వండి" అని మొత్తం వదిలేస్తే 31 కాయిళ్ల పని 36 కాయిళ్లు తింటుంది. పొదుపు చేయాల్సిన అవసరం ఎవరికీ ఉండదు మరి.

కొటేషన్ అడుగున ఇలా రాసుకోవచ్చు:

"ఈ కొటేషన్‌ను జూన్ 20 సాయంత్రం 6 గంటలలోపు రాతపూర్వకంగా అంగీకరించాలి. కూలి, పైపులు, బాక్సుల ధర పని పూర్తయ్యే వరకు మారదు. వైరు మొత్తం 31 కాయిళ్లు. పై పట్టికలోని కంపెనీ, సైజు, కాయిల్ రేటు ప్రకారం. జూన్ 25లోపు వైరు సొమ్ము అందితే ఇదే రేటుకు కొని యజమానికి అప్పగిస్తాం. ఆ తర్వాత కొంటే, కొన్న రోజు డీలర్ బిల్లులోని రేటుకూ ఈ రేటుకూ ఉన్న తేడాను పెరిగితే యజమాని ఇవ్వాలి, తగ్గితే మేము తగ్గించాలి. పాయింట్లు మారకుండా 31 కాయిళ్లు మించితే ఆ ఖర్చు మాది."

ప్రభుత్వ పనుల్లో ఈ ఆలోచన ఎప్పటి నుంచో ఉంది. కేంద్ర ప్రజాపనుల శాఖ కాంట్రాక్టుల్లో సిమెంటు, స్టీలు ధరల తేడాకు విడిగా నిబంధన ఉంటుంది. ట్రాన్స్‌ఫార్మర్లు, కేబుళ్లు అమ్మే కంపెనీలు తమ పరిశ్రమ సంఘం ప్రకటించే రాగి, అల్యూమినియం ధరలను బట్టి రేటు సవరించుకుంటాయి. ఇంటి పనికి అంత సూత్రాలు అక్కర్లేదు, డీలర్ బిల్లు చాలు. బిల్లు నిజమైనదేనా అన్న అనుమానం ఉంటే యజమాని అదే రోజు ఇంకో దుకాణంలో అదే కంపెనీ కాయిల్ ధర అడిగితే తెలిసిపోతుంది.

వైరు ముందే కొని పెట్టుకోవడం మంచిదే కానీ అన్నివేళలా కాదు. కడుతున్న ఇంట్లో రాగి కాయిళ్లు ఉంచితే దొంగల పాలవుతాయి. తాళం వేసే గది ఉన్నవాళ్లు, అట్టపెట్టె విప్పకుండా ఎలుకలకు అందని చోట పెట్టుకోగలిగినవాళ్లు కొనుక్కోవచ్చు. లేనివాళ్లకు బిల్లు తేడా పద్ధతే మేలు. డబ్బు కట్టి డీలర్ దగ్గరే సరుకు ఉంచేవాళ్లూ ఉన్నారు, అది డీలర్ మీద నమ్మకాన్ని బట్టి.

మరి ఒప్పుకోవడానికి ఎన్ని రోజులు? దీనికి సొంత బిల్లులే జవాబిస్తాయి. పై ఉదాహరణలో కాంట్రాక్టర్ తన 22,000లో అయిదో వంతు, అంటే 4,400 వరకు పోయినా తట్టుకోగలను అనుకున్నాడనుకుందాం. 66,000 వైరులో అది సుమారు 7 శాతం. ఇప్పుడు గత ఏడాది వైరు బిల్లులు ముందు వేసుకుని, ఒకే కంపెనీ 2.5 కాయిల్ రేటు వరసగా రాసుకోవాలి. రేటు 7 శాతం పెరగడానికి అతి తక్కువగా ఎన్ని రోజులు పట్టిందో చూడాలి. మూడు వారాలు పట్టిందనుకుందాం. అందులోంచి యజమాని సరేనన్నాక డబ్బు అందడానికి, ఆర్డర్ పెట్టడానికి పట్టే నాలుగైదు రోజులు తీసేయాలి. మిగిలింది పదిహేను రోజుల పైచిలుకు. కొటేషన్ మీద పదిహేను రాసుకోవచ్చు. గత నెలలోనే రేటు రెండుసార్లు మారి ఉంటే ఏడు చాలు. రోజు రోజుకూ మారుతుంటే వైరు వరకు తేదీ లేకుండా "కొనే రోజు రేటు" అని రాయడమే నిజాయితీ. కూలికి మాత్రం రెండు మూడు నెలలు ఇచ్చినా నష్టం లేదు. మొత్తానికి ఒకే గడువు పెట్టడం వల్లే ఈ చిక్కంతా. వైరు భయంతో కూలికి కూడా ఏడు రోజులే ఇస్తే యజమాని బెదిరిపోతాడు, కూలి ధీమాతో వైరుకు నెల ఇస్తే కాంట్రాక్టర్ మునుగుతాడు.

యజమానులకు ఒక మాట. ధర పెరిగినా పాత రేటుకే చేయాలని కాంట్రాక్టర్ మెడ మీద కూర్చుంటే అతను చేస్తాడు. కానీ పోయిన డబ్బును ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలని చూసేవాళ్లు ఉంటారు. 1.5 రావాల్సిన చోట 1 స్క్వేర్ ఎంఎం లాగుతారు. మంచి కంపెనీ కాయిల్ రెండు హాలులో కనబడేలా వాడి మిగతా గదుల్లో పేరులేని వైరు వేస్తారు. అల్యూమినియం మీద రాగి పూత వేసిన తీగ కూడా మార్కెట్లో ఉంది. వైరు చివర తొక్క తీసి, ఒక్క పోగును బ్లేడుతో గీకితే రంగు లోపలిదాకా ఎర్రగానే ఉంటే రాగి, తెల్లగా తేలితే పూత. కాయిల్ పొడవునా తొక్క మీద కంపెనీ పేరు, సైజు, ఐఎస్ 694 అన్న ముద్ర, ఐఎస్ఐ గుర్తు ఉండాలి. వైరు పైపులోకి వెళ్లాక ఇవేవీ కనిపించవు కాబట్టి లాగే రోజున యజమాని అక్కడ ఉండడం, ఖాళీ అయిన 31 అట్టపెట్టెలూ లెక్కపెట్టుకోవడం అవసరం.

గడువు సమస్య ఎక్కువగా వచ్చేది రెండు సందర్భాల్లో. బ్యాంకు రుణానికి కొటేషన్ పెట్టినప్పుడు, రుణం మంజూరయ్యేలోపు అది గడువు దాటుతుంది. బ్యాంకుకు ఇచ్చే కాగితం అంచనా కోసమేనని దాని మీదే రాసి, పనికి కావాల్సిన కొటేషన్ డబ్బు చేతికొచ్చే వారంలో విడిగా తీసుకుంటే ఎవరికీ ఇబ్బంది లేదు. అంచనాలో వైరుకు పది శాతం అదనంగా చూపించడం కూడా మేలే, తర్వాత మళ్లీ బ్యాంకు చుట్టూ తిరగనక్కర్లేదు. రెండోది మన పంచాంగం. జ్యేష్ఠంలో కొటేషన్ తీసుకుని "ఆషాఢం వెళ్లనివ్వండి, శ్రావణంలో మొదలుపెడదాం" అనే యజమానికి ఎంత మంచి కాంట్రాక్టర్ అయినా వైరు రేటు నిలపలేడు. అలాంటప్పుడు జ్యేష్ఠంలో కూలి మాత్రం ఖాయం చేసుకుని, కొద్దిగా అడ్వాన్సు ఇచ్చి, వైరు రేటు శ్రావణంలో తేల్చుకుందామనుకోవడం ఇద్దరికీ హాయి.

గడువు దాటాక యజమాని ఫోన్ చేస్తే కొందరు కాంట్రాక్టర్లు "పాతదే కదా, కానివ్వండి సార్" అని నోటిమాటతో ఒప్పేసుకుంటారు. తర్వాత రేటు చూసి నాలుక కరుచుకుంటారు. "రేపు పొద్దున కొత్త రేటు పంపిస్తాను" అనడానికి మొహమాటపడనక్కర్లేదు. పాత కొటేషన్ నంబరు పైన రాసి, మిగతా వరసలన్నీ అలాగే ఉంచి, వైరు వరస ఒక్కటే మార్చి, పాత రేటు, కొత్త రేటు పక్కపక్కనే చూపించాలి. ఎక్కడ ఎంత మారిందో కనబడితే బేరం ఆ ఒక్క వరస మీదే జరుగుతుంది. "ఐదువేలు తగ్గిస్తే ఓకే" అని యజమాని బదులిస్తే మాత్రం అది ఒప్పుకోలు కాదు. 7వ సెక్షన్ ప్రకారం ఒప్పుకోలుకు ఏ మెలికా ఉండకూడదు, అది యజమాని వైపు నుంచి వచ్చిన కొత్త ప్రతిపాదన. దానికి కాంట్రాక్టర్ సరేననేదాకా డీలర్‌కు ఆర్డర్ పెట్టకూడదు.